తమ్ముడికి, అన్నం గురించి

అమలాపురం

ఒరేయ్ చిన్నా,

అన్నం పూర్తిగా మానేశావట, అమ్మ బెంగపెట్టుకుంది. వారంలోనే బరువు తగ్గానని సంబరపడుతున్నావు గానీ, అందులో ఎక్కువ భాగం నీళ్లేరా. తిన్న పిండిపదార్థాల్లో కొంత ఒళ్లు గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వగా దాచుకుంటుంది, అది ఒక్కో గ్రాముకు సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. పిండిపదార్థాలు మానగానే ముందు పోయేది అదే. కొవ్వు కరగాలంటే ఒళ్లు ఖర్చుపెట్టేదానికన్నా తక్కువ కేలరీలు తినాలి, అవి అన్నంలోవైనా చపాతీలోవైనా ఒకటే.

100 గ్రాముల వండిన అన్నంలో దాదాపు 130 కేలరీలు. నూనె అయితే గ్రాముకే 9! భీమవరంలో సాయంత్రం పూట నువ్వు తినే పునుగులు, మెస్సులో నూనె తేలే వేపుడు, వాటినెందుకు మానలేదు?

కంచంలో ముందు ఆనపకాయ కూర, పప్పు, ఉంటే చేప ముక్కలు పెట్టుకో. తర్వాత ఒక కప్పు అన్నం, కొలిచి. మారు వడ్డించుకోవద్దు. పప్పూ చేపా కడుపు నింపుతాయి, కండా కరగదు. పస్తుండి రాత్రి పదింటికి బిస్కెట్ ప్యాకెట్ ఖాళీ చేసేకన్నా ఇది ఎంతో నయం.

పొద్దున్నే కాలవగట్టు మీద నడువు. ఆదివారం ఇంటికి రా, పులస దొరక్కపోయినా కొర్రమేను పులుసు పెడతాను.

అక్క