పద్నాలుగో షరతు

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోని ఒక జిమ్‌లో జనవరి 10న చేరినప్పుడు, మూడు నెలలకోసారి ₹4,500 నా ఖాతా నుంచి దానంతట అదే వెళ్లిపోయేలా యూపీఐ ఆటోపేకు ఒప్పుకున్నాను. ఏప్రిల్‌లో రెండో విడత అలాగే వెళ్లింది. మే నెలాఖరులో నాకు కావలికి బదిలీ అయింది. తెల్లవారకముందే రైలెక్కేవాడికి ఉదయం జిమ్ కుదరదు కనుక, జూన్ 15న వెళ్లి మానేస్తున్నానని చెప్పాను. “మేనేజర్‌కు నేను చెప్తాలే అన్నా, మీరు పోయి రండి” అన్నాడు కౌంటర్‌లోని కుర్రవాడు. ఆ మాట నమ్మాను, అయినా ఎందుకైనా మంచిదని అదే రాత్రి వాళ్ల వాట్సాప్ నంబరుకు ఒక వాక్యం రాసి పంపాను.

జూలై 9 ఉదయం, రైలు బిట్రగుంట దాటుతుండగా, మరునాడు ₹4,500 వెళ్తుందని సందేశం వచ్చింది. ఇలాంటి చెల్లింపు గురించి కనీసం 24 గంటల ముందు తెలపాలన్న రిజర్వు బ్యాంకు నిబంధన లేకపోతే, డబ్బు పోయాకే నాకు తెలిసేది. వెంటనే యాప్‌లో ఆటోపే విభాగం తెరిచి, పిన్ కొట్టి ఆ మాండేట్‌ను రద్దు చేశాను. తర్వాత ఫోన్ చేస్తే మేనేజర్ చాలా మర్యాదగానే, “ఆటోపే ఆపినంత మాత్రాన సభ్యత్వం ఆగదు సార్, 11వ షరతు చూడండి, ఈ విడత మీరు కట్టవలసిందే” అన్నారు.

ఆయన చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది: బ్యాంకుకు ఇచ్చిన అనుమతి వేరు, జిమ్‌తో చేసుకున్న ఒప్పందం వేరు. రాత్రి బీరువాలోంచి ఆ ఫారం తీశాను. ముందువైపు ధర బొటనవేలంత అక్షరాల్లో ఉంది. వెనకవైపు షరతులు లేత బూడిదరంగులో, మడతపడిన చోట చెరిగిపోయి, ఆవగింజల్లా ఉన్నాయి. డబ్బుకు కట్టిపడేసే మాటను ధరకంటే చిన్నగా అచ్చువేయడం అన్యాయమని నాకు గట్టిగా అనిపించింది. గడువుకు 15 రోజుల ముందు రాతపూర్వకంగా తెలపకపోతే సభ్యత్వం కొనసాగుతుందని 11వ షరతు. నోటిమాట చెల్లదన్నమాట. నేను కాగితం పక్కన పెట్టేస్తుంటే మా ఆవిడ కళ్లజోడు సర్దుకుని, “ఏమండీ, పద్నాలుగోది చదివారా?” అంది. జిమ్ అధికారిక వాట్సాప్ నంబరుకు పంపిన సందేశాన్ని రాతపూర్వక సమాచారంగానే పరిగణిస్తామని అందులో ఉంది. నా సందేశం గడువుకు 25 రోజుల ముందుదే, పక్కన రెండు నీలి టిక్కులు కూడా ఉన్నాయి.

మరునాడు సాయంత్రం ఫారం, ఫోన్ రెండూ మేనేజర్ ముందు పెట్టాను. ఆయన రెండుసార్లు చదివి, జూలై 9తో సభ్యత్వం ముగిసిందని, బాకీ ఏమీ లేదని రాసి, ముద్ర వేసి సంతకం చేశారు. 11వ షరతును కౌంటర్ దగ్గర పెద్ద అక్షరాల్లో అంటించమని అడిగాను. కుర్రవాడు ఫారం వెనక్కి తిప్పి, వేలు పెట్టి ఒక్కో మాటా చదువుకుంటూ, “ఇది ఇప్పుడే చూస్తున్నా అన్నా” అన్నాడు.