మోకాలి అరుగుదలకు ఇంటి వ్యాయామమా, ఆసుపత్రి వ్యాయామమా: శాంపిల్ సైజ్ 84 ఎందుకు?

ఈ అధ్యయనంలో మొత్తం 84 మందిని, గ్రూపుకు 42 మంది చొప్పున తీసుకుంటాం. రెండు గ్రూపులకూ వ్యాయామాలు అవే. తేడా ఒక్కటే, మొదటి గ్రూపు ఇంట్లో చేసుకుంటుంది, రెండో గ్రూపు వారానికి మూడుసార్లు మా ఫిజియోథెరపీ విభాగానికి వచ్చి థెరపిస్టు ఎదుట చేస్తుంది. ఆరు వారాల తర్వాత, 0 నుంచి 10 స్కేలు మీద రోగి చెప్పే నొప్పి స్కోరే ప్రధాన ఫలితం. లెక్కంతా దీని మీదే కట్టాను. నడక, మెట్లెక్కడం లాంటి మిగతా కొలతలకు ఈ సంఖ్య చాలుతుందని అనడం లేదు.

ముందు తేల్చుకోవాల్సింది, రెండు గ్రూపుల సగటు స్కోర్ల మధ్య ఎంత తేడా ఉంటే అది తేడా అనుకోవాలి అన్నది. నేను 1.5 పాయింట్లు పెట్టుకున్నాను. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చుట్టుపక్కల ఊళ్ల నుంచి బస్సెక్కి వచ్చే ఆడవాళ్లు, వచ్చిన రోజు కూలి పోతుంది, తోడు ఒకరు వస్తే వాళ్లదీ పోతుంది. ఆరు వారాలంటే 18 రాకపోకలు. అంత తిరిగితే అర పాయింటో, పాయింటో తగ్గుతుందని చెప్పి మనిషిని రప్పించడం నాకు న్యాయంగా అనిపించలేదు, పైగా అంత చిన్న తేడా దొరికినా వాళ్లకు ఇంటి వ్యాయామమే చెబుతాం కదా. అందుకని చికిత్స పద్ధతి మార్చుకోవడానికి తగినంత తేడానే వెతుకుతున్నాను. నిజమైన తేడా అంతకంటే తక్కువైతే ఈ అధ్యయనం దాన్ని పట్టుకోలేకపోవచ్చు, అది తెలిసే ఒప్పుకుంటున్నాను.

స్టాండర్డ్ డీవియేషన్ కోసం మా విభాగం రిజిస్టర్‌లో ఇదే చికిత్స తీసుకున్న 27 మంది రికార్డులు చూశాను. ముగ్గురికి ఆరో వారం స్కోరు లేదు. మిగిలిన 24 మందిలో అది 1.9 వచ్చింది. 1.9 వేసి లెక్క కడితే గ్రూపుకు 27 మందితో పనైపోయేది, కానీ 24 మంది నుంచి వచ్చిన అంకెను అంత నమ్మలేం, అసలు విలువ ఇంకా ఎక్కువే ఉండొచ్చు. కాబట్టి దాని ఒకవైపు 80 శాతం కాన్ఫిడెన్స్ పై హద్దు అయిన 2.2 వాడాను. రెండువైపుల పరీక్ష, ఆల్ఫా 5 శాతం, పవర్ 80 శాతం:

```
n = 2 × (1.96 + 0.84)² × 2.2² / 1.5² = 33.7
```

ఇది నార్మల్ డిస్ట్రిబ్యూషన్‌తో కట్టిన లెక్క. టీ టెస్టుకు కావలసిన చిన్న సవరణ కలిపితే గ్రూపుకు 35 అవుతుంది, G*Power 3.1 లో సరిచూస్తే కూడా 35 వచ్చింది.

ఇక మధ్యలో మానేసేవాళ్లు. రిజిస్టర్‌లో స్కోరు లేనివాళ్లు 27లో ముగ్గురే, అంటే 11 శాతం. అయితే మేం రోగులను చేర్చుకునే నెలల్లో పత్తి ఏరే రోజులు, సంక్రాంతి రెండూ పడతాయి, అందుకే 15 శాతం వేసుకున్నాను. 35కి 15 శాతం కలిపితే 41, కానీ 41లో 15 శాతం పోతే 35 మిగలరు. 35ను 0.85తో భాగిస్తే 41.2, పైకి తీసుకుంటే 42. వ్యాయామం మానేసిన వాళ్ల స్కోరు కూడా ఫోన్‌లో అడిగి తీసుకుంటాం, ఎవరు ఏ గ్రూపులో పడ్డారో ఆ గ్రూపులోనే లెక్కిస్తాం.

గ్రూపుకు 30 అన్న అలవాటు అంకెను ఎందుకు తీసుకోలేదని గైడ్ గారు అడిగారు. 30లో 25 మంది మిగిలితే పవర్ 66 శాతం దగ్గర ఆగిపోతుంది, అంటే 1.5 పాయింట్ల తేడా నిజంగా ఉన్నా మూడింట ఒకసారి మనకు కనబడదు. అటు 90 శాతం పవర్ కావాలంటే మానేసేవాళ్లతో కలిపి 112 మంది కావాలి. మా ఓపీలో అర్హులు నెలకు సుమారు 17 మంది, ఒప్పుకునేది పదిమంది అనుకుంటే తొమ్మిది నెలల్లో 90 మంది దొరుకుతారు. 84 అందులో సరిపోతుంది, 112 సరిపోదు.

అసలు డీవియేషన్ 2.5 అని తేలితే 35 మందితో పవర్ 70 శాతానికి దిగుతుంది. విశ్లేషణలో మొదటి రోజు స్కోరును సర్దుబాటు చేస్తాం, దానివల్ల కొంత పవర్ తిరిగి వస్తుంది కానీ, ఎంత వస్తుందో ముందే ఊహించి శాంపిల్ తగ్గించలేదు. మధ్యలో ఫలితాలు తెరిచి చూడటం, వాటిని బట్టి సంఖ్య మార్చడం ఉండదు.