సబ్జెక్ట్: వెండార్ పేమెంట్స్ టీమ్‌లో కొత్తగా చేరాను, నా పరిచయం (శ్రీలత)

మాధవి గారూ, నమస్తే.

సోమవారం మీ టీమ్‌లో జాయినైన శ్రీలతని. మీరు ఆడిట్ మీటింగుల్లో ఉండటంతో ఆ రోజు పలకరించుకోవడం తప్ప తీరిగ్గా మాట్లాడుకోవడం కుదరలేదు. ఈ వారమంతా మీ క్యాలెండర్ దాదాపు నిండుగానే కనిపిస్తోంది కాబట్టి, ఇంతవరకు ఏ పని చేశానో, ఇక్కడ ఏం నేర్చుకోవాల్సి ఉందో రాసి పంపుతున్నాను. వీలున్నప్పుడు చూడండి, తొందరేం లేదు.

దాదాపు తొమ్మిదేళ్లుగా వెండార్ పేమెంట్స్‌లోనే ఉన్నాను. బిల్లుల ఎంట్రీతో మొదలై రీకన్సిలియేషన్‌కి వచ్చాను, చివరి మూడేళ్లు మంత్ ఎండ్ క్లోజింగ్‌లో పేయబుల్స్ వైపు అంతా చూసుకున్నాను. పాత కంపెనీ మెషీన్ల విడిభాగాలు తయారుచేసేది. అందుకే పర్చేజ్ ఆర్డర్, సరుకు అందిన రసీదు, బిల్లు, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి తేడా ఎక్కడుందో పట్టుకోవడంలో చెయ్యి బాగా తిరిగింది.

అక్కడ చేసినవాటిలో నాకు బాగా తృప్తినిచ్చింది డూప్లికేట్ బిల్లుల పని. ఒకే బిల్లు ఒకసారి INV-0457 అనీ, ఇంకోసారి INV457 అనీ ఎంట్రీ అయితే సిస్టమ్ వాటిని రెండు వేర్వేరు బిల్లులుగా చూసి వదిలేసేది. నంబర్‌లోని గీతలు, ఖాళీలు, ముందుండే సున్నాలు తీసేసి, వెండార్, మొత్తం కూడా కలిపి పోల్చే చిన్న రిపోర్ట్ తయారుచేసి, పేమెంట్ రన్‌కి ముందు రోజు దాన్ని తప్పనిసరిగా చూడటం అలవాటు చేశాం. రిపోర్ట్ కట్టింది నేనే కానీ, సమస్య అసలు ఎక్కడుందో చూపించింది మాత్రం రోజంతా ఎంట్రీలో కూర్చునే సహోద్యోగులే. వాళ్లు చెప్పకపోతే నాకు తట్టేది కాదు.

ఇక నాకు తెలియనివి. ఇక్కడ ఎక్కువ బిల్లులు సర్వీసులవి, సరుకు వచ్చినట్టు రసీదు ఉండదు. నిన్న కిరణ్ పక్కన కూర్చుని చూశాను, ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్ట్ బిల్లును పన్నెండు నెలలకు విడగొట్టి ఏ నెల వాటా ఆ నెల ఖర్చులోకి ఎలా తెస్తున్నారో ఓపిగ్గా చూపించారు. అంతవరకు అర్థమైంది. కానీ పని సగంలో ఉండి బిల్లు ఇంకా రానప్పుడు నెలాఖరుకి ఎంత ప్రొవిజన్ పెట్టాలో మనవాళ్లు ఎలా తేలుస్తారు, ఏ డిపార్ట్‌మెంట్ మాట మీద ఆధారపడతారు అన్నది నేను కింది నుంచి నేర్చుకోవాలి. పాత అనుభవం ఇక్కడ నేరుగా అక్కరకు రాదని నాకు తెలుసు.

వారానికి రెండు పేమెంట్ రన్‌లు ఎందుకో కూడా తెలుసుకోవాలనుంది. మార్చమని అడగడానికి కాదు, వెనక కారణం తెలిస్తే పని బాగా అర్థమవుతుందని. అన్నట్టు, వెండార్ బ్యాంక్ ఖాతా మార్చమని మెయిల్ వస్తే, అందులో ఇచ్చిన నంబర్‌కి కాకుండా మన రికార్డుల్లో ముందే ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి కనుక్కోవడం ఇక్కడ ఎంత బిజీగా ఉన్నా వదలట్లేదు. అది చూసి చాలా ధైర్యంగా అనిపించింది.

మీకు అభ్యంతరం లేకపోతే ఈ నెల క్లోజింగ్‌లో కిరణ్‌కి తోడుగా ఉంటాను. ఎంట్రీలు, సరిచూడటం, వెండార్లతో ఫోన్లు, ఏది ఇచ్చినా చేస్తాను. వచ్చే నెల నుంచి ఏ భాగం నాకు అప్పగించవచ్చో అప్పుడు మీరే నిర్ణయించండి. ఒక క్లోజింగ్ మొత్తం దగ్గరుండి చూశాక నాకేమైనా సలహాలు తోస్తే ముందు మీతో, కిరణ్‌తో మాట్లాడతాను.

మొదట్లో ప్రశ్నలు ఎక్కువే అడుగుతాను. అవి మీకు ఒక్కొక్కటిగా చాట్‌లో పంపాలా, రోజు చివర్లో కలిపి అడగాలా, మీకు ఏది వీలైతే అది చెప్పండి. నా పనిలో లోపం కనిపిస్తే మొహమాటపడకుండా అప్పుడే చెప్పేయండి, నాకు అదే సులువు.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి మీ క్యాలెండర్‌లో ఖాళీ కనిపించింది. ఒక ఇరవై నిమిషాలు ఇవ్వగలరా? ఈ మొదటి నెలలో నేను ముందుగా దేని మీద దృష్టి పెట్టాలని మీరనుకుంటున్నారో వినాలనుంది. ఆ రోజు కుదరకపోతే వచ్చే వారం ఎప్పుడైనా సరే.

ఉంటాను,
శ్రీలత
వెండార్ పేమెంట్స్