చేసి చూద్దాం: మా సైన్సు టీచర్ గారికి

(నల్ల తెర. సుద్దముక్క గీస్తున్న చప్పుడు. బోర్డు మీద ఒక్కో అక్షరం పడుతుంది: చేసి చూద్దాం.)

వ్యాఖ్యానం: నమస్తే టీచర్ గారూ. మీకు 62 నిండాయి, ఇక రిటైరవ్వమని ప్రభుత్వం అంటోంది, సరే. కళ్లజోడు పెట్టుకోండి. వీళ్లంతా మీకు తెలిసినవాళ్లే. కాకపోతే కొందరికి జుట్టు తగ్గింది.

(గుంటూరు మిర్చి యార్డు. వెనక టిక్కీల వరసలు. మాట్లాడేవాడు మధ్యలో తుమ్ముతాడు, కట్ చెయ్యలేదు.)

మిర్చి వ్యాపారి, 1996 బ్యాచ్: టీచర్ గారూ, పచ్చిమిరపకాయ నమిలేస్తానని క్లాసులో పందెం కాసింది నేనే. మీరు తిట్టలేదు. "సరే, చేసి చూద్దాం" అని ఒక గ్లాసు నీళ్లు, ఒక గ్లాసు మజ్జిగ తెప్పించి బల్ల మీద పెట్టారు. నమిలాను. నీళ్లు తాగితే మంట నోరంతా పాకింది. అందరూ ఒకటే నవ్వు! మజ్జిగ తాగాక గానీ మాట రాలేదు. అప్పుడు చెప్పారు, కాప్సైసిన్ నీళ్లలో సరిగా కరగదు, పాలలో ఉండే ప్రోటీను, కొవ్వు దాన్ని పట్టుకుపోతాయని. ఇప్పుడు మా కొట్టు ముందు హమాలీలకి మంచినీళ్ల కుండ పక్కనే మజ్జిగ కుండ కూడా పెడతాను. నాకు గుర్తున్న సైన్సు అదొక్కటే అండీ.

వ్యాఖ్యానం: నీళ్ల సంగతి వచ్చింది కాబట్టి, బెజవాడ వెళ్దాం.

(ప్రకాశం బ్యారేజీ. గాలి హోరు.)

ఇరిగేషన్ ఇంజనీరు, 2004 బ్యాచ్: ప్లాస్టిక్ సీసాకి మూడు చిల్లులు పెట్టించారు. అడుగు చిల్లులోంచి నీళ్లు జోరుగా దూకి నా చొక్కా తడిపేశాయి. లోతు పెరిగితే ఒత్తిడి పెరుగుతుందని అలా తెలిసింది. వరదప్పుడు ఇక్కడ 70 గేట్లూ ఎత్తి ఉంటే, నాకు ఆ సీసానే గుర్తొస్తుంది.

(డల్లాస్, కారులోంచి.)

2009 బ్యాచ్: టీచర్ గారూ, రాలేకపోతున్నాను, సారీ...

వ్యాఖ్యానం: వీడు నాలుగు నిమిషాలు పంపాడు. క్లాసులో కూడా ఇంతే.

(ఆసుపత్రి వరండా.)

స్టాఫ్ నర్సు, 2012 బ్యాచ్: పదిలో సైన్సు తప్పితే ఇంట్లో చదువు మానిపించేద్దామన్నారు. మే నెల ఎండలో మీరు మా ఇంటికి వచ్చి, "సప్లీ రాయించండి, ఆ తర్వాత మాట్లాడదాం" అన్నారు నాన్నతో. బ్రాడీపేటలో మీ ఇంటి మేడ మీద చదివించారు. ఫీజు మాట ఎత్తితే కోప్పడ్డారు. పాసయ్యాక మాట్లాడదామన్నారు కదా, నాన్న ఇప్పటికీ మీకోసం ఎదురుచూస్తున్నారు. ఇవాళ తీసుకొచ్చాను. మీ వెనక వరసలోనే ఉన్నారు.

(మీ ఇల్లు. కెమెరా ముందు మీ అమ్మాయి.)

కూతురు, 2015 బ్యాచ్: బడిలో "టీచర్" అంటేనే అమ్మ పలికేది. ఇంట్లో మాత్రం అన్నం తింటున్నంతసేపూ మీ కబుర్లే! మీలో ఎవరికి లెక్కలు రావో, ఎవరు అన్నం తినకుండా వస్తారో నాకు అన్నీ తెలుసు. రేపటి నుంచి అమ్మని కాస్త నాకు వదలండి.

(ఇప్పటి పదో తరగతి పిల్లలంతా ఒక్కసారిగా.)

పిల్లలు: వదలం!

వ్యాఖ్యానం: లైట్లు వేయండి. టీచర్ గారూ, స్టేజి మీదకి రండి. మాట్లాడాక భోజనాలు. మిరపకాయ బజ్జీలున్నాయి, మజ్జిగ కూడా పెట్టించాం.