రెండు నెలలు నిండకుండానే సోల్ ఊడిన షూ మార్చి ఇవ్వమని కోరుతూ

విజయవాడ,
11 ఆగస్టు 2025.

షాపు యజమాని గారికి,
నమస్కారం.

జూన్ 14, శనివారం సాయంత్రం బీసెంట్ రోడ్డులోని మీ షాపులో నల్ల ఫార్మల్ షూ ఒక జత తీసుకున్నాను. సైజు 8, ధర 1,650 రూపాయలు, బిల్లు నంబరు 3407. ఆగస్టు 6న డ్యూటీలో ఉండగా కుడి షూ సోల్ ఊడిపోయింది. కొన్న 53వ రోజు అది. ఈ జత మార్చి ఇమ్మని అడగడానికే ఈ ఉత్తరం.

9వ తేదీ శనివారం షూ పట్టుకుని నేనే వచ్చాను. మీరు లేరు. వరలక్ష్మీ వ్రతం మర్నాడు, పైగా శ్రావణమాసం పెళ్ళిళ్ళ గిరాకీ, షాపులో కాలు పెట్టే సందు లేదు. కౌంటర్‌లో ఉన్న కుర్రాడు షూ చేతిలోకి కూడా తీసుకోలేదు. "వానలో తడిపేసుంటారు సార్, బయట కుట్టించుకోండి, వందో నూట యాభయ్యో అవుతుంది" అన్నాడు. గట్టిగా అడిగితే బిల్లు కింద ఉన్న "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న లైను వేలు పెట్టి చూపించాడు. అంత రద్దీలో అతని మీద కోప్పడి లాభం లేదనిపించి వచ్చేశాను. విషయం మీ దాకా వచ్చి ఉండదనే అనుకుంటున్నాను. అందుకే మొదటి నుంచీ రాస్తున్నాను.

నేను ఆర్టీసీలో కండక్టర్‌ని. విజయవాడ నుంచి బందరు వెళ్ళే పల్లెవెలుగులో డ్యూటీ. 6వ తేదీ పొద్దున ఉయ్యూరులో జనం ఎక్కుతుంటే వెనక డోర్ దాకా వెళ్ళి తిరిగొస్తున్నాను. కుడికాలు ఏదో పట్టుకున్నట్టయింది. చూస్తే షూ ముందు భాగం నోరు తెరిచి ఉంది. బొటనవేలి దగ్గర మొదలై చిటికెనవేలి పక్కదాకా ఊడి, నాలుగు వేళ్ళు దూరేంత సందు. అడుగు వేసినప్పుడల్లా టపటపమని చప్పుడు. నోట్ల కట్టలకి వేసే రబ్బరు బ్యాండ్లు రెండు తీసి షూకి చుట్టుకుని బందరు దాకా టికెట్లు కొట్టాను. ముందు సీట్లో ఒక చిన్నపిల్ల నా కాలు చూసి వాళ్ళమ్మకి చూపించి ఒకటే నవ్వు. ఇప్పుడు తల్చుకుంటే నాకూ నవ్వే వస్తోంది గానీ, ఆ పూట మాత్రం ఫుట్‌బోర్డు మీద కాలు మడతపడి ఎక్కడ పడతానో అని ఒకటే టెన్షన్.

మీ కుర్రాడు అన్న వాన సంగతికి వస్తాను. జూలైలో వాన పడలేదని నేను అనను. తడి రోడ్డు మీద దిగి ఎక్కాను, నిజమే. కానీ ఈ షూని నీళ్ళలో నానబెట్టలేదు, ఒక్కసారి కూడా కడగలేదు. డ్యూటీ నుంచి రాగానే విప్పి గాలి తగిలేచోట పెట్టి, వారానికి రెండుసార్లు పాలిష్ వేశాను. వారం ఆఫ్‌లు తీసేస్తే వేసుకున్నది నలభై అయిదు రోజులకి మించదు. వాడి అరగదీశానంటారేమో, సోల్ తిప్పి చూడండి. అడుగున గాళ్ళు ఇంకా లోతుగానే ఉన్నాయి, కంపెనీ అక్షరాలు చదవడానికి వస్తున్నాయి, మడమ ఎక్కడా ఒక పక్కకి అరగలేదు. అడుగు అరగకుండా అతుకు ఊడితే లోపం అతుకులోదే కదండీ.

బస్టాండు దగ్గర కూర్చునే చెప్పులు కుట్టే పెద్దాయనకి చూపించాను. ఇది కుట్టు వేసిన షూ కాదు, పేస్టింగ్ షూ అన్నారాయన. జిగురు మొత్తం ఎండిన గంజి పొరలా సోల్‌కే అంటుకుని ఉంది, పైభాగం అడుగున మాత్రం నున్నగా మెరుస్తోంది. "అతికించే ముందు ఇక్కడ గరుకు పట్టాలి బాబూ, పట్టలేదు. పట్టి ఉంటే ఊడేటప్పుడు పై తోలు కూడా చిరిగి వచ్చేది" అని గోటితో గీకి చూపించారు. ఎడమ షూ కూడా వంచి చూశాం. అది ఇంకా ఊడలేదు గానీ ముందు అంచున టికెట్ కాగితం దూరుతోంది. నూట ఇరవైకి రెండూ కుట్టేస్తానన్నారు. నేనే వద్దన్నాను. కుట్టించాక మీ దగ్గరికి తెస్తే, బయట చెయ్యి వేయించారు కాబట్టి మాకు సంబంధం లేదంటారు. ఊడింది ఊడినట్టే ఉంచాను.

ఇంకొక మాట. మా ఆవిడ షూ డబ్బా పారేయకుండా అందులో దారపు ఉండలు పెట్టుకుంది. నయమైంది. దాని మీద స్టిక్కర్‌లో తయారైన నెల నవంబరు 2022 అని ఉంది. అంటే నేను కొనేనాటికే రెండున్నరేళ్ళు దాటిన సరుకు. పాత స్టాకైతే ఆ మాట చెప్పి తగ్గించి అమ్మాల్సింది. నా దగ్గర స్టిక్కర్ మీద ఉన్న ధర పైసా తగ్గకుండా తీసుకున్నారు. కొన్న రోజు మీ షాపులో షూ చూపించినాయన అయితే "ఆరు నెలల దాకా మాది పూచీ" అని కూడా అన్నారు. అది నోటిమాట, బిల్లు మీద లేదు. అందుకే దాన్ని పట్టుకుని వాదించను.

నాకు కావలసింది ఇదీ. అదే సైజులో, ఈమధ్య తయారైన జత ఇవ్వండి. ఆ మోడల్ లేకపోతే యూనిఫాం మీదికి పనికొచ్చే వేరే నల్ల షూ ఇవ్వండి, ధర ఎక్కువైతే ఆ తేడా నేను కడతాను. రెండూ కుదరకపోతే నా 1,650 వెనక్కి ఇచ్చేయండి. మళ్ళీ జిగురు పెట్టి ఇస్తామంటే మాత్రం ఒప్పుకోను. తర్వాత ఏదైనా కొనుక్కోమని కూపన్ రాసిచ్చినా నాకు ఉపయోగం లేదు.

బిల్లు కింద ఆ లైను గురించి ఒక్కమాట చెప్పక తప్పదు. రంగు నచ్చలేదనో, మనసు మారిందనో వాపసు తెస్తే ఆ లైను చూపించండి, తప్పు లేదు. లోపమున్న సరుకుకి అది వర్తించదు. లోపమున్న సరుకు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వనంటే అది అనుచిత వ్యాపార పద్ధతి అని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. బిల్లులో గడువు రాయకపోతే ముప్పై రోజుల్లో ఇవ్వాలి. 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించవచ్చని కూడా తెలుసు. కానీ అంతదాకా వెళ్ళాలని నాకు లేదు. మా పిల్లలిద్దరి స్కూలు షూలు ఆరేళ్ళుగా మీ దగ్గరే కొంటున్నాను, ఒక్కసారి కూడా మాట రాలేదు.

15వ తేదీ నుంచి ఆడవాళ్ళకి ఫ్రీ బస్సు మొదలవుతోంది. పల్లెవెలుగులో ఇక మాకు నిలబడడానికి కూడా చోటుండదు. ప్రస్తుతం మా తమ్ముడి పాత షూ వేసుకుని వెళ్తున్నాను, అవి ఒక సైజు బిగువు, మడమ దగ్గర బొబ్బ కట్టింది. కాబట్టి 14వ తేదీ లోపలే తేల్చితే మేలు చేసినవారవుతారు. మీకు వీలు కాకపోతే 20వ తేదీ వరకు చూస్తాను. బిల్లు మీద రాసిన నా నంబరుకి మధ్యాహ్నం రెండు దాటాక ఎప్పుడు చేసినా దొరుకుతాను.

బిల్లు జిరాక్సు, ఊడిన షూ ఫోటోలు మూడు, డబ్బా స్టిక్కర్ ఫోటో ఒకటి ఈ ఉత్తరంతో పెట్టాను. అసలు బిల్లు, షూ, డబ్బా నా దగ్గరే ఉన్నాయి. మీరు రమ్మన్న రోజు తీసుకొస్తాను. డబ్బా కూడా ఇచ్చేయమంటే దారపు ఉండలకి ఇంకో డబ్బా చూడాలి, అంతే.

ఇట్లు,
కె. శ్రీనివాసరావు,
బస్ కండక్టర్,
విజయవాడ.