పాఠ్య ప్రణాళిక: గడియారం చూసి టైమ్ చెప్పడం

తరగతి: రెండు. పిల్లలు: 24 మంది.
సమయం: వరుసగా రెండు రోజులు, రోజుకు 40 నిమిషాలు.
ఏం రావాలి: ‘ఏడు గంటలు’, ‘ఏడున్నర’ లాంటివి చూసి చెప్పగలగాలి, తమ గడియారంలో పెట్టగలగాలి. పావు, ముప్పావు, ఐదేసి నిమిషాల లెక్క ఈసారి వద్దు. ఐదో ఎక్కం వచ్చాక అది సులువుగా వస్తుంది.
సామగ్రి: ఒక్కొక్కరికి 20 సెంటీమీటర్ల వెడల్పున గుండ్రంగా కత్తిరించిన అట్ట, అంతే సైజు కాగితం, ముళ్లకు రంగు అట్టముక్కలు, మధ్యలో గుచ్చి వెనక కాళ్లు విడదీసే పిన్ను. నాకు నిజం గోడగడియారం ఒకటి, వెనక ముళ్లు తిప్పే మర ఉన్నది.

మొదటి రోజు: చిన్న ముల్లు ఒక్కటే

ముందు కాగితాన్ని సగానికి, మళ్లీ సగానికి మడిపించాలి. విప్పితే మడతలు కలిసిన చోటే నడిమధ్య. మడతల చివర 12, 3, 6, 9 రాయించి, ఒక్కో ఖాళీలో రెండేసి అంకెలు వేయించాలి. ఒకటి నుంచి వరుసగా రాయమంటే తొమ్మిదికి వచ్చేసరికి చోటు అయిపోతుంది, పది, పదకొండు, పన్నెండు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. అలాంటి గడియారంలో ముల్లు సరిగ్గా పెట్టినా జవాబు తప్పుగానే కనిపిస్తుంది. అందుకే ఈ పనికి 15 నిమిషాలు పట్టినా పరవాలేదు. కాగితాన్ని అట్టకు అంటించి, 5 సెంటీమీటర్ల ఎర్ర ముల్లు బిగించాలి. పిన్ను గుచ్చే కన్నం నేనే చేస్తాను.

పెద్ద ముల్లు ఇవాళ ఇవ్వను. రెండూ ఒకేసారి ఇస్తే పిల్లల చూపు పొడుగ్గా ఉన్నదాని మీదికే పోతుంది. ఏ గంటో చెప్పేది మాత్రం చిన్నది. ఒకప్పటి గడియారాలకు గంటల ముల్లు ఒక్కటే ఉండేదని చెబితే పిల్లలకు ఆశ్చర్యంగా కూడా ఉంటుంది.

ఇక రోజులోని పనులు. “పొద్దున ఆరింటికి లేచాం. ముల్లు ఎక్కడ?” “తొమ్మిదింటికి బడి గంట కొట్టారు.” “నాలుగింటికి ఆటలు.” “రాత్రి తొమ్మిదింటికి పడుకున్నాం.” ఇక్కడ ఆగాలి. బడి గంటకూ నిద్రకూ ముల్లు ఒకే చోట ఉందేమిటని ఎవరో ఒకరు అడుగుతారు. అడగకపోతే నేనే అడుగుతాను. ముల్లు రోజుకు రెండుసార్లు చుట్టి వస్తుందని వాళ్లే వేలితో తిప్పి చూడాలి.

చివరి పది నిమిషాలూ ముల్లును అంకెల మధ్య పెట్టి అడగాలి: “ఏడు దాటిందా? ఎనిమిది అయిందా?” “ఏడు దాటింది, ఎనిమిది ఇంకా కాలేదు” అన్న మాట ప్రతి ఒక్కరి నోటా రావాలి. రేపటి పాఠం దీని మీదే నిలబడుతుంది.

రెండో రోజు: పెద్ద ముల్లు

గోడగడియారం వెనక మర మెల్లగా తిప్పుతూ చూపించాలి. పెద్దది ఒక చుట్టు పూర్తిచేసేలోపు చిన్నది ఒక అంకె నుంచి పక్క అంకెకు చేరుతుంది. అట్ట గడియారంలో రెండు ముళ్లకూ లంకె లేదు కాబట్టి ఇది అక్కడ కనిపించదు. నిజం గడియారం తప్పనిసరి.

తర్వాత 8 సెంటీమీటర్ల నీలం ముల్లు బిగించి, “ఏడున్నర” పెట్టమంటాను. చాలామంది పెద్దదాన్ని 6 మీద, చిన్నదాన్ని సరిగ్గా 7 మీద పెడతారు. తప్పు అనకూడదు. “ఏడున్నరలో ఏముంది? ఏడు, ఇంకో అర. మరి ఆ అర చిన్న ముల్లు నడవలేదా?” అంటే చేయి దానంతటదే ముల్లును ఏడుకీ ఎనిమిదికీ నడుమకు జరుపుతుంది. మన మాటలోనే జవాబు ఉంది, దాన్ని వాడుకోవాలి.

ఇంకో తడబాటు: పెద్ద ముల్లు ఆరు మీద ఉంది కాబట్టి “ఏడు గంటల ఆరు నిమిషాలు” అనడం. అప్పుడు ఆ ముల్లును 12 నుంచి 6 దాకా నడిపించి, చుట్టులో ఎంత అయిందని అడగాలి. “సగం” అంటే చాలు.

భోజనం పన్నెండున్నరకు. దీన్ని ఆఖరున అడగాలి, పన్నెండు తర్వాత ఒకటి రావడం దగ్గర తికమకపడతారు.

ఆట: ఇద్దరిద్దరు. ఒకరు పని చెబుతారు, “ఏడున్నరకు పళ్లు తోముకున్నాను”. రెండోవాళ్లు ముళ్లు పెడతారు. ఆ తర్వాత తిరగేసి.

పరిశీలన: ఒక్కొక్కరినీ దగ్గరికి పిలిచి రెండే అడుగుతాను: నాలుగు గంటలు పెట్టు, ఎనిమిదిన్నర చదువు. ముళ్లు తారుమారు చేసినవాళ్లకు మర్నాడు పెద్ద ముల్లు తీసేసి మళ్లీ మొదటి రోజు పని.

ఇంటి పని: గడియారం ఇంటికి తీసుకెళ్లి, పడుకునే ముందు ఆ రాత్రి టైమ్ అందులో పెట్టి, ముళ్లు కదలకుండా తేవాలి. పొద్దున ఎవరు ఎన్నింటికి పడుకున్నారో అందరం చదువుతాం.