స్క్రమ్, వాటర్‌ఫాల్: ధాన్యం కొనుగోలు కేంద్రం సాఫ్ట్‌వేర్ ఆధారంగా ఒక పోలిక

ఎంసీఏ మూడో సెమిస్టర్ టర్మ్ పేపర్
సబ్జెక్టు: సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు నిర్వహణ
నల్లగొండ

1. ప్రశ్న

సాఫ్ట్‌వేర్ తయారీకి వాడే వాటర్‌ఫాల్, స్క్రమ్ పద్ధతులను పోల్చే ఒక పట్టిక ప్రాజెక్టు నిర్వహణ నోట్సుల్లో తరచుగా కనిపిస్తుంది. ప్రాజెక్టు మేనేజర్‌కు ఎదురుగా స్క్రమ్ మాస్టర్, అవసరాల పత్రానికి ఎదురుగా చేయవలసిన పనుల వరుస జాబితా అయిన ప్రొడక్ట్ బ్యాక్‌లాగ్, వారాంతపు సమావేశానికి ఎదురుగా డైలీ స్క్రమ్ అని జతలు కట్టి ఉంటాయి. పరీక్షలో మార్కులకు ఈ పట్టిక సరిపోవచ్చు కానీ, ఆ జతల్లో చాలావరకు నిలబడవు. రెండు పద్ధతులనూ పోల్చడానికి ఈ పేపర్ వేరే ప్రశ్నను ఎంచుకుంది: అవసరాన్ని తప్పుగా అర్థం చేసుకుంటే ఆ సంగతి ఎప్పుడు బయటపడుతుంది? అప్పుడు నిర్ణయం మార్చే అధికారం ఎవరి చేతిలో ఉంటుంది?

ఇందుకు ఒక ఊహా ప్రాజెక్టును తీసుకున్నాను. మిర్యాలగూడ ప్రాంతంలో మహిళా సంఘాలు నడిపే ఒక ఐకేపీ కొనుగోలు కేంద్రానికి సాఫ్ట్‌వేర్ కావాలి. రైతుకు టోకెన్ ఇవ్వడం, తేమ శాతం నమోదు చేయడం, కాంటా వేశాక సంచుల లెక్క రాయడం, లారీకి ట్రక్ షీట్ తయారు చేయడం, సొమ్ము జమ అయిందో లేదో చూపించడం దాని పనులు. నలుగురైదుగురు డెవలపర్లు ఉన్నారు. నవంబరు మధ్యలో పని మొదలుపెట్టి, యాసంగి కొనుగోళ్లు మొదలయ్యే ఏప్రిల్ మొదటి వారానికి ముగించాలి. అంటే 20 వారాలు. సాగర్ ఎడమ కాలువ కింద కోతలు మొదలయ్యాక రోజు ఆగినా కేంద్రం ముందు ధాన్యం రాశులు పేరుకుపోతాయి. అందుకే ఈ గడువు జరిగేది కాదు.

2. వాటర్‌ఫాల్ ప్రణాళిక

ఈ పద్ధతికి మూలంగా విన్‌స్టన్ రాయిస్ 1970లో రాసిన పత్రాన్ని చూపిస్తారు. అందులో వ్యవస్థ అవసరాలు, సాఫ్ట్‌వేర్ అవసరాలు, విశ్లేషణ, రూపకల్పన, కోడింగ్, పరీక్ష, నిర్వహణ అనే మెట్ల బొమ్మ ఉన్న మాట నిజమే. అయితే వాటర్‌ఫాల్ అన్న పేరు ఆయన పెట్టలేదు. ఆ మెట్లను ఉన్నదున్నట్టు దిగుతూ పోవడం ప్రమాదకరమని ఆ పత్రంలోనే హెచ్చరించారు. సాఫ్ట్‌వేర్ నిజంగా ఎలా ప్రవర్తిస్తుందో తొలిసారి తెలిసేది చివర్లో వచ్చే పరీక్ష దశలోనేనని, అప్పుడు లోపం తేలితే రూపకల్పన వరకు వెనక్కి వెళ్లవలసి వస్తుందని వివరించారు. కొత్త వ్యవస్థ అయితే ముందుగా ఒక నమూనా తయారు చేసి, తర్వాతే అసలుది కట్టమన్నారు. వినియోగదారును ముందునుంచీ కలుపుకోమన్నారు. బొమ్మ ప్రచారం పొందినంతగా ఆ హెచ్చరిక పొందలేదు.

మన ప్రాజెక్టుకు వాటర్‌ఫాల్ ప్రణాళిక ఇలా ఉంటుంది. అవసరాల సేకరణకు 4 వారాలు, రూపకల్పనకు 3, కోడింగ్‌కు 7, పరీక్షకు 4, అమలుకు, సిబ్బంది శిక్షణకు 2. ప్రతి దశ చివర ఒక పత్రం, దానిపై సంతకం. సంతకమైన తర్వాత మార్పు కావాలంటే మార్పు అభ్యర్థన పెట్టాలి. ఖర్చు, గడువు ఎంత పెరుగుతాయో లెక్కగట్టి అనుమతి తీసుకోవాలి.

క్యాలెండర్ దగ్గర పెట్టుకుని ఈ ప్రణాళికను చదివితే అసలు చిక్కు తెలుస్తుంది. నవంబరు, డిసెంబరు నెలల్లో వానాకాలం ధాన్యం కేంద్రానికి వస్తూ ఉంటుంది. ఆ సమయంలో మనం చేసేది అడిగి రాసుకోవడం మాత్రమే. పరీక్ష దశ ఫిబ్రవరి చివర మొదలై మార్చిలో సాగుతుంది. అప్పుడు కేంద్రం ఆవరణ ఖాళీ. రాశి లేదు, కాంటా లేదు, వరుసలో రైతు లేడు. సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించేది మనం ఊహించి రాసుకున్న వివరాలతోనే. అసలైన పరీక్ష ఏప్రిల్‌లో, రద్దీ మధ్య జరుగుతుంది. ఆ పాటికి ప్రాజెక్టు ముగిసినట్టు కాగితం మీద ఉంటుంది.

3. బాధ్యతలు

కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ స్క్రమ్‌ను 1995లో ఒక సదస్సులో కలిసి ప్రకటించారు. స్క్రమ్ గైడ్ తొలి రూపం 2010లో వచ్చింది. ఇప్పుడు వాడుకలో ఉన్నది 2020 నాటిది. అందులో పాత్రలు అన్న మాట తీసేసి బాధ్యతలు అన్నారు. అవి మూడు: ప్రొడక్ట్ ఓనర్, స్క్రమ్ మాస్టర్, డెవలపర్లు. జట్టు మొత్తం సాధారణంగా పది మందికి మించదు.

ప్రాజెక్టు మేనేజర్‌కు స్క్రమ్ మాస్టర్‌ను జతకట్టడం ఎందుకు తప్పో ఇక్కడ తెలుస్తుంది. వాటర్‌ఫాల్‌లో మేనేజర్ పని పంచుతాడు, గడువు చూస్తాడు, పై అధికారులకు లెక్క చెబుతాడు. స్క్రమ్ మాస్టర్ పని పంచడు. ఎవరు ఏది చేయాలో డెవలపర్లే నిర్ణయించుకుంటారు. స్క్రమ్ సరిగ్గా నడిచేలా చూడడం, జట్టుకు అడ్డొచ్చేవి తొలగించడం అతని బాధ్యత. మేనేజర్ అధికారం ఒక్కరి చేతికి రాకుండా ముగ్గురి మధ్య చీలిపోయింది. ఏది ముందు అన్నది ప్రొడక్ట్ ఓనర్ చేతిలో, ఎలా చేయాలన్నది డెవలపర్ల చేతిలో, పద్ధతి స్క్రమ్ మాస్టర్ చేతిలో ఉంటాయి. ఇక పరీక్షకులు, డిజైనర్లు అనే వేర్వేరు వర్గాలు గైడ్‌లో లేవు. స్ప్రింట్ అనే చిన్న విడతలో పని పూర్తి చేసే ప్రతి ఒక్కరూ డెవలపరే.

మన కేంద్రానికి ప్రొడక్ట్ ఓనర్ ఎవరు? వెంటనే తోచే జవాబు కేంద్రం నిర్వాహకురాలు. పని లోతుపాతులు ఆమెకే తెలుసు. కానీ డిసెంబరులో ఆమె పొద్దున్నుంచి హమాలీలతో, గన్నీ సంచుల కొరతతో, లారీ రాలేదని అడిగే రైతులతో సతమతమవుతూ ఉంటుంది. బ్యాక్‌లాగ్ క్రమం చూసే తీరిక ఆమెకు దొరకదు. ప్రొడక్ట్ ఓనర్ ఒక కమిటీ కాదు, ఒకే వ్యక్తి కావాలని, ఆ వ్యక్తి నిర్ణయాన్ని సంస్థ అంతా గౌరవించాలని గైడ్ చెబుతుంది. కాబట్టి మండల సమాఖ్యలో లెక్కలు చూసే ఒకరికి ఆ బాధ్యత, అధికారం రెండూ రాతపూర్వకంగా ఇవ్వాలి. స్ప్రింట్ చివర పూర్తయిన పనిని చూపించే ప్రతి రివ్యూకూ నిర్వాహకురాలు వచ్చే భాగస్వామిగా ఉండాలి. అలాంటి వ్యక్తిని సమాఖ్య ఇవ్వలేకపోతే స్క్రమ్ ఎంచుకోకపోవడమే మేలని నా అభిప్రాయం. నిర్ణయించేవారు లేని స్క్రమ్ కన్నా సంతకమైన పత్రమే కొంత నయం.

4. సమావేశాలు, వాటి మధ్య రివ్యూ స్థానం

స్క్రమ్‌లో ఈవెంట్లు ఐదు. మిగతా నాలుగింటినీ తనలో ఇముడ్చుకునేది స్ప్రింట్. దాని నిడివి నెల లేదా అంతకన్నా తక్కువ. నెల స్ప్రింట్‌కు ప్లానింగ్ గరిష్ఠంగా 8 గంటలు, రివ్యూ 4 గంటలు, జట్టు తన పనితీరును వెనక్కి చూసుకునే రెట్రోస్పెక్టివ్ 3 గంటలు. స్ప్రింట్ చిన్నదైతే ఇవీ సాధారణంగా తగ్గుతాయి. డైలీ స్క్రమ్ రోజూ 15 నిమిషాలు. అది డెవలపర్లు స్ప్రింట్ లక్ష్యం వైపు తమ పని సర్దుకోవడానికి ఉద్దేశించినది, పైవారికి హాజరు చెప్పుకోవడానికి కాదు. రెండు వారాల స్ప్రింట్లు పెట్టుకుంటే మన ప్రాజెక్టులో పది స్ప్రింట్లు వస్తాయి. మొదటి మూడూ డిసెంబరు చివరికి ముగుస్తాయి, అంటే వానాకాలం ధాన్యం కేంద్రంలో ఉండగానే.

మొదటి స్ప్రింట్‌లో టోకెన్ మాత్రమే తయారైందనుకుందాం. రైతు పట్టాదారు పాసుపుస్తకం నంబరు కొడితే టోకెన్ వస్తుంది. డేటాబేసులో ఒక రైతుకు ఒక పాసుపుస్తకం. రివ్యూలో దీన్ని చూడగానే నిర్వాహకురాలు అడిగే ప్రశ్న ఊహించదగినదే: ‘కౌలు రైతు వస్తే?’ భూమి ఒకరి పేరున, పంట ఇంకొకరిది. ఒకే వ్యక్తి ఇద్దరు యజమానుల భూమి చేస్తూ ఉండవచ్చు. పాసుపుస్తకానికీ ధాన్యం తెచ్చిన మనిషికీ ఉన్న సంబంధం ఒకటికి ఒకటి కాదు. డబ్బు ఎవరి ఖాతాలో పడాలన్నది దీనిపైనే ఆధారపడి ఉంది. మొదటి స్ప్రింట్ చివర ఇది తెలిస్తే రెండు మూడు పట్టికలు మార్చితే సరిపోతుంది. వాటర్‌ఫాల్‌లో మార్చి నెల పరీక్షలో తెలిస్తే టోకెన్, ట్రక్ షీట్, చెల్లింపు అన్నీ కదులుతాయి.

రెండో స్ప్రింట్‌లో తేమ. ధాన్యంలో తేమ 17 శాతం మించకూడదన్నది కొనుగోలు ప్రమాణం. మించితే తిరస్కరణ అని కోడ్ రాస్తే నియమాన్ని పాటించినట్టే. కేంద్రంలో మాత్రం ఆ రైతు వెనక్కి వెళ్లడు. అక్కడే రాశి పరిచి ఆరబెడతాడు, మర్నాడో ఎల్లుండో మళ్లీ తేమ చూపిస్తాడు. అతని టోకెన్ రద్దయితే వరుసలో చివరికి పోతాడు, ఈలోగా వాన పడితే అతని పంట తడుస్తుంది. కాబట్టి ‘తిరస్కరణ’ స్థానంలో ‘ఆరబెట్టాలి’ అనే స్థితి ఉండాలి, పాత వరుస సంఖ్య నిలవాలి. అవసరాల సేకరణలో అడిగినా ఇది రావచ్చు, కాదనను. కానీ తనకు రోజూ అలవాటైన పనిని మనిషి విడిగా చెప్పాలనుకోడు. తెర మీద ఎర్ర అక్షరాలతో తిరస్కరణ అని కనబడినప్పుడే ‘అలా కాదు’ అంటాడు. రివ్యూకున్న అసలు బలం ఇదే. సంతకం పెట్టించుకునే దశాంత సమావేశంగా దాన్ని మార్చేస్తే ఆ బలం పోతుంది. పూర్తయిన పనిని విడుదల చేయడానికి రివ్యూ దాకా ఆగనవసరం లేదని గైడ్ కూడా చెబుతుంది.

రెట్రోస్పెక్టివ్‌కు వాటర్‌ఫాల్‌లో సాటి వచ్చేది ప్రాజెక్టు ముగిశాక రాసే నివేదిక. అది తర్వాతి ప్రాజెక్టుకు పనికొస్తుంది, ఇదే ప్రాజెక్టుకు కాదు.

5. ఆర్టిఫాక్టులు

ప్రొడక్ట్ బ్యాక్‌లాగ్, స్ప్రింట్ బ్యాక్‌లాగ్, పూర్తయి వాడకానికి సిద్ధమైన భాగం అయిన ఇంక్రిమెంట్ అనే మూడింటికీ 2020 గైడ్ ఒక్కో నిబద్ధతను జతచేసింది: వరుసగా ప్రొడక్ట్ గోల్, స్ప్రింట్ గోల్, డెఫినిషన్ ఆఫ్ డన్. అవసరాల పత్రం అన్నీ ఉన్నాయా అని చూస్తుంది. బ్యాక్‌లాగ్ ఏది ముందు అని చూస్తుంది. ధాన్యం ఉన్న ఆరు వారాల్లో చూసి తేల్చుకోవలసినవి టోకెన్, తేమ, కాంటా. అవి పైకి వస్తాయి. నివేదికలు, వినియోగదారు ఖాతాలు జనవరి తర్వాత చేసుకున్నా నష్టం లేదు. వాటర్‌ఫాల్ ప్రణాళిక దశలను వరుసలో పెడుతుంది గానీ అవసరాలను వరుసలో పెట్టదు. అందుకే సీజన్ దానికి కనబడదు.

డెఫినిషన్ ఆఫ్ డన్‌లో మన జట్టు రాసుకోవలసింది: నెట్ లేకపోయినా నమోదు జరగాలి, నెట్ రాగానే ప్రతి నమోదూ ఒక్కసారి మాత్రమే ఎక్కాలి, తెలుగులో రసీదు రావాలి. ఈ మూడూ లేనిది పూర్తయినట్టు కాదు, దాన్ని రివ్యూలో చూపించరాదు. వాటర్‌ఫాల్‌లో 80 శాతం కోడింగ్ అయిందని నివేదించవచ్చు. స్క్రమ్‌లో సగం అయిన పనికి లెక్క లేదు.

6. వాటర్‌ఫాల్‌కు వదలవలసిన భాగం

చెల్లింపు వివరాల కోసం పౌరసరఫరాల శాఖ వ్యవస్థతో అనుసంధానం కావాలి. దానికి దరఖాస్తు, అనుమతి, పరీక్ష అన్నవి ఒకదాని తర్వాత ఒకటే జరుగుతాయి. రెండు వారాలకోసారి మనసు మార్చుకునే వీలు అక్కడ లేదు. ఎలక్ట్రానిక్ కాంటా, చేతి ప్రింటర్ల కొనుగోలూ అంతే: కొటేషన్లు, ఆమోదం, సరఫరా. వీటికి తేదీలతో, ఒకదానిపై ఒకటి ఆధారపడే వరుసతో ప్రణాళిక గీయాలి. గాంట్ చార్టు ఇక్కడ స్క్రమ్ బోర్డు కన్నా బాగా ఉపయోగపడుతుంది. అనుమతి దరఖాస్తు మొదటి వారంలోనే వెళ్లకపోతే ఎన్ని మంచి స్ప్రింట్లు జరిగినా ఏప్రిల్‌లో చెల్లింపు తెర ఖాళీగానే ఉంటుంది.

కాబట్టి ఈ ప్రాజెక్టుకు నేను సూచించే అమరిక ఇది. అనుమతులు, పరికరాలు ఒక చిన్న వాటర్‌ఫాల్ వరుసగా నడవాలి. దాని ముఖ్య తేదీలను ప్రొడక్ట్ ఓనర్ ప్రతి స్ప్రింట్ ప్లానింగ్‌కు తీసుకురావాలి. రైతు, నిర్వాహకురాలు తాకే ప్రతి భాగమూ స్క్రమ్‌లో నడవాలి. మొదటి మూడు రివ్యూలు కార్యాలయంలో కాకుండా కేంద్రం ఆవరణలోనే, కాంటా పక్కన, సాయంత్రం తూకాలు తగ్గాక జరగాలి.